మధ్య సీటు

పేపర్లు దిద్దే హాల్లోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచీ టీచరమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏదో ఒకటి అనేస్తానని ఆమె భయం. అనవలసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు మరి. హాలు చివర ఎత్తు బల్ల మీద, పచ్చ ఇంకు పెన్ను జేబులో పెట్టుకుని, కట్టలు విప్పిస్తున్న చీఫ్ ఎగ్జామినర్.

ఆయన్ని ఆమె అంతకుముందు చూడలేదు. కానీ పేరు బాగా తెలుసు. కిందటేడాది చెల్లెలి బడికి తనిఖీకి వెళ్ళి, ఇంగ్లీషు క్లాసులో వెనక బెంచీ మీద కాసేపు కూర్చుని, "పాఠం తక్కువ, ఆట ఎక్కువ" అని రాసిపెట్టి పోయిన పెద్దమనిషి ఆయనే. ఆ సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. మొదట నవ్వుతూనే చెప్పింది. "అక్కా, ఆయన దృష్టిలో నేను టీచర్ని కాదే, నాటకాల కంపెనీ" అంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. 

ఇప్పుడు చెల్లెలు లేదు. చలికాలంలో పోయింది. కడుపునొప్పి అంటూ మొదలైంది, మామూలు నొప్పి కాదని డాక్టర్లు తేల్చేసరికే ఆలస్యమైపోయింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఆ పిచ్చిది పిల్లల మాటే ఎత్తింది. "పాఠం సగంలో ఉందక్కా" అంది. "ఉండనీవే" అని కసిరింది టీచరమ్మ. ఆ కసురు ఇప్పటికీ ఆమె గొంతులోనే ఉంది.

"తీసుకోండి మేడం, పుదీనా బిళ్ళ" అన్నాడు పక్క కుర్చీ మాస్టారు. ఆయన జేబులో ఎప్పుడూ పిప్పర్మెంట్లు ఉంటాయి. అందుకే హాలంతా ఆయన్ని పిప్పర్మెంటు మాస్టారు అంటుంది. "పొద్దున్నే మొహం అంత గంటు పెట్టుకుంటే పేపర్లు భయపడతాయి."

"వద్దండి."

"సరే, నేనే తింటా. రెండూ."

బడి పేర్లు చింపేసి, అంకెలు మాత్రం వేసిన పేపర్లు వచ్చాయి. ఎవరి పిల్లలు రాశారో దిద్దేవాళ్ళకి తెలియదు. ప్రతి ఒక్కరి చేతికీ అచ్చేసిన కీ ఒకటి ఇచ్చారు. కీలో ఏముంటే అదే జవాబు. కట్ట పూర్తయ్యాక 'కీ ప్రకారం దిద్దితిని' అని సంతకం చేసి ఇస్తే, చీఫ్ అందులోంచి కొన్ని తీసి పచ్చ పెన్నుతో తిరిగి చూస్తారు. అక్కడి పద్ధతి అది.

టీచరమ్మ కీ చదవడం మొదలుపెట్టింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆమె వేలు ఆగింది.

గీత గీసిన మాట తీసి దానికి బదులు సర్వనామం పెట్టి వాక్యం తిరగరాయమని ప్రశ్న. అయిదు వాక్యాలు, అయిదు మార్కులు. మ్యాచ్‌ని ఆటగాళ్ళు 'పుట్ ఆఫ్' చేశారు, అంటే వాయిదా వేశారు. అవకాశాన్ని ఆమె 'టర్న్ డౌన్' చేసింది, వద్దంది. మంటని కుర్రాడు 'పుట్ అవుట్' చేశాడు, ఆర్పాడు. తాళంచెవుల్ని అతను 'పిక్ అప్' చేశాడు, కిందనుంచి తీశాడు. నర్సు ముసలాయన్ని 'లుక్ ఆఫ్టర్' చేస్తుంది, చూసుకుంటుంది. కీలో జవాబులు ఇవి: 'పుట్ ఆఫ్ ఇట్'. 'టర్న్‌డ్ డౌన్ ఇట్'. 'పుట్ అవుట్ ఇట్'. 'పిక్‌డ్ అప్ దెమ్'. 'లుక్స్ ఆఫ్టర్ హిమ్'.

ఆమె మళ్ళీ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది. మొదటి నాలుగూ తప్పు. ఇంగ్లీషు మాట్లాడే వాడెవడూ 'పుట్ ఆఫ్ ఇట్' అనడు. 'పుట్ ఇట్ ఆఫ్' అంటాడు. ఇంగ్లీషు చెప్పే వాళ్ళ చేత పేపర్లు దిద్దించే వాళ్ళు అచ్చేయించిన కాగితం మీద, నల్లటి అక్షరాల్లో, నాలుగు తప్పులు.

చెవులు వేడెక్కాయి. కట్ట విప్పింది.

మొదటి పేపర్ తెరిచేసరికి ఆమె చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది. పద్నాలుగో ప్రశ్నలో 'ఇట్' అనే మాట చుట్టూ పెన్సిల్‌తో చిన్న సున్నా, కింద రెండు చక్రాలు. రెండో పేపర్లోనూ అంతే. మూడో దాంట్లో చక్రాలకి హ్యాండిల్ కూడా ఉంది. స్కూటర్.

ఆ స్కూటర్ ఆమెకి తెలుసు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ చెల్లెలు కనిపెట్టింది అది.

"చూడక్కా," అంది ఆ రోజు, కత్తి గాల్లో ఊపుతూ, "ముందు నడిపేది క్రియ. 'పుట్' అనుకో. వెనక కూర్చునేది ఆ చిన్న మాట, 'ఆఫ్'. ఆ చిన్న మాటని చిన్నచూపు చూశావో చచ్చావే. బండి ఎటు పోతుందో చెప్పేది అదే. 'పుట్ ఆన్' అంటే ఒంటి మీదకొస్తుంది. 'పుట్ అవుట్' అంటే మంట పోతుంది. 'పుట్ ఆఫ్' అంటే ఉన్న తేదీ మీంచి దూరంగా జరుగుతుంది. మన దగ్గర లేదా ఏం? కొట్టు అంటే దెబ్బ. కొట్టేయ్ అంటే గీత పెట్టి తీసేయ్. కొట్టుకుపోవడం అంటే వరద. మనం క్రియ వెనక ఇంకో క్రియని తగిలిస్తాం, వాళ్ళు చిన్న మాట తగిలిస్తారు. అంతే కదే తేడా?"

"మరి మీ 'ఇట్' ఎక్కడ కూర్చుంటుందమ్మా?" అంది టీచరమ్మ.

"చంటిపిల్లని ఎక్కడ కూర్చోబెడతాం? మధ్యలో! వెనక కూర్చోబెడితే జారి పడిపోతుంది. 'ఇట్', 'దెమ్', 'హిమ్', ఇవన్నీ తేలిక మాటలు, వీటిని నొక్కి పలకం. చివర నొక్కి పలకాల్సింది 'ఆఫ్', 'అవుట్', 'డౌన్'. అందుకని పిల్ల మధ్యలోకే. అదే పెద్ద మనిషైతే, 'ద మ్యాచ్' లాంటి పూర్తి నామవాచకమైతే, మధ్యలోనైనా కూర్చుంటాడు, వెనకైనా కూర్చుంటాడు, ఆయనిష్టం. మరీ లావు మనిషైతే వెనకే నయం. మధ్యలో ఇరికిస్తే నడిపేవాడికీ వెనకవాడికీ మధ్య ఊరంత దూరం."

క్లాసులో బోర్డు మీద స్కూటర్ గీసి ఇదంతా ఆడించేది. ఒక పాత కోటు, ఒక దీపం, దారానికి కట్టిన తేదీ అట్ట. పిల్లలు కోటు తొడిగేవాళ్ళు, దీపం ఆర్పేవాళ్ళు, తేదీ అట్టని బోర్డు మీద ముందుకి తోసేవాళ్ళు. ఆట ఎక్కువ అన్నది దాన్నే.

ఇవి చెల్లెలి పిల్లల పేపర్లు. తిరుగులేదు.

టీచరమ్మ దిద్దడం మొదలుపెట్టింది. కీని బోర్లా పెట్టేసింది. స్కూటర్ కనిపించిన చోటల్లా ఎర్ర టిక్కు. పిల్ల మధ్యలో ఉందా, టిక్కు. టిక్కు, టిక్కు, టిక్కు. పెన్ను మొన కాగితంలోకి దిగబడేంత గట్టిగా వేసింది. అందులో ఒక పేపర్ మిగతా ప్రశ్నలన్నిట్లోనూ అడుగంటిపోయి, పద్నాలుగు దగ్గర మాత్రం తలెత్తుకుని ఉంది. వ్యాసం లేదు, ఉత్తరం సగం. ఆ మార్కులు కలిపితేనే పాసు, లేకపోతే లేదు. ఆ పిల్లో పిల్లాడో ఏడాది మొత్తం మీద నేర్చుకున్నది బహుశా అదొక్కటే. అదొక్కటీ తప్పంటాడా!

కట్ట అయింది. 'కీ ప్రకారం దిద్దితిని' అన్న చోట సంతకం పెట్టలేదు. కట్టనీ కీనీ చంకన పెట్టుకుని లేచి ఎత్తు బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, పద్నాలుగో ప్రశ్నకి కీ తప్పు."

చీఫ్ తలెత్తలేదు. "కీ పైనుంచి వచ్చిందమ్మా."

"పైనుంచి వచ్చినా తప్పు తప్పే. 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి. 'పుట్ ఆఫ్ ఇట్' అన్న వాక్యం లేదు."

ఇప్పుడు తలెత్తాడు. "ప్రశ్న చదివారా? గీత గీసిన మాటకి బదులు సర్వనామం. 'ద మ్యాచ్' ఎక్కడుంది? 'ఆఫ్' తర్వాత. అది తీసేయండి. ఆ ఖాళీలో 'ఇట్' పెట్టండి. ఎక్కడిది అక్కడే. ఇందులో పాండిత్యం ఏముంది?"

"కుర్చీలో పెద్దాయన లేచి వెళ్తే ఆ కుర్చీలో చంటిపిల్లని వదిలేసి వెళ్ళిపోతామా సార్? 'ద మ్యాచ్' వెనక ఉండొచ్చు, మధ్యలోనూ ఉండొచ్చు. 'ఇట్' మాత్రం మధ్యలోనే."

"ఎవరు చెప్పారు మీకీ కుర్చీలూ చంటిపిల్లలూ?"

"నేర్పే వాళ్ళు చెప్పారు."

హాల్లో పెన్నులు ఆగాయి. ముందు వరుసలోంచి ఒకాయన విసుక్కున్నాడు. "మేడం, మేం రెండు కట్టలు అవగొట్టాం. ఇప్పుడు తప్పంటే మళ్ళీ మొదటినుంచా? మాకూ ఇళ్ళున్నాయి."

"ఉండనివ్వండి. ఆ పిల్లలకి లేవా?"

"అబ్బో" అంది ఇంకొకావిడ, వినపడేలాగే.

టీచరమ్మ వెనక్కి తిరగలేదు. గొంతు పెంచలేదు కూడా. కోపం ఎక్కువైన కొద్దీ ఆమె మాట నెమ్మదిస్తుంది. ఆమె క్లాసు పిల్లలకి తెలుసు అది, బెంచీల కింద దాక్కునేవాళ్ళు. "సార్, ఒక్కటి అడుగుతాను. మధ్యాహ్నం బయటికి వెళ్ళేటప్పుడు అటెండర్‌కి ఫ్యాను సంగతి ఏమని చెప్తారు? 'స్విచ్ ఆఫ్ ఇట్' అంటారా?"



"'స్విచిటాఫ్' అనే అంటారండి," అన్నాడు పిప్పర్మెంటు మాస్టారు, బిళ్ళ బుగ్గన పెట్టుకుని. "పొద్దున కూడా అన్నారు. నేను విన్నాను."

హాలంతా గుప్పున నవ్వింది. నవ్వులో చీఫ్ మొహం కందిపోయింది. చెయ్యి చాచి టీచరమ్మ చంకలోని కట్టని లాక్కున్నంత పని చేశాడు. "చూద్దాం. మీరు కీ లేకుండా ఎంత గొప్పగా దిద్దారో చూద్దాం."

పచ్చ పెన్ను తీశాడు. మొదటి పేపర్ తిప్పాడు. రెండోది తిప్పాడు. మూడో దాని మీద పెన్ను నిలబెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి, హాలు చివరి వరకూ వినిపించేలా చదివాడు.

"'ద నర్స్ లుక్స్ హిమ్ ఆఫ్టర్.' దీనికి టిక్కు పెట్టారు. లుక్స్... హిమ్... ఆఫ్టర్. ఇదేనా మేడం మీ వ్యాకరణం? ఇక్కడ కీ ఒప్పు. మీరు తప్పు. ఇదిగో ఇంకోటి. ఇదిగో ఇంకోటి. అన్నిటికీ అయిదుకి అయిదు! ఈ చక్రాల బొమ్మలు ఏమిటి? వీటికా మార్కులు?"

ఈసారి నవ్వు ఆమె వైపు తిరిగింది.

టీచరమ్మ ఆ వాక్యం చూసింది. 'హిమ్' చుట్టూ సున్నా. కింద చక్రాలు. తన చేత్తో వేసిన టిక్కు. ఆమె ఆ అయిదో వాక్యాన్ని చదవనే లేదు. పిల్ల మధ్యలో ఉందా లేదా అని మాత్రం చూసింది.

'లుక్ ఆఫ్టర్' అలాంటి జంట కాదు. ఆమెకి తెలియనిదేం కాదు. ఆ 'ఆఫ్టర్' క్రియ వెంట విడిగా తిరిగే మాట కాదు. దాని చెయ్యి ఎప్పుడూ తన వెనకున్న వాళ్ళకే అందించి ఉంటుంది. చంటిపిల్లైనా పెద్ద మనిషైనా దాని వెనకే కూర్చోవాలి, మధ్యలో ఖాళీ లేదు. 'లుక్ ఆఫ్టర్ హిమ్'. అంతే.

పేపర్లు ఒక్కొక్కటీ తిప్పింది. మొదటి నాలుగూ ఒప్పు. అయిదోది తప్పు. మళ్ళీ నాలుగు ఒప్పు, అయిదోది తప్పు. ఒక్కరు కాదు, అందరూ. అందరూ మధ్య సీట్లోనే కూర్చోబెట్టారు. వాళ్ళకి ఇంకో రకం ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఆ పాఠం రావలసిన వారమే ఆసుపత్రిలో చేరింది.

పాఠం సగంలో ఉందక్కా.

ఇదిగో, ఇక్కడ. నాలుగో వాక్యానికీ అయిదో వాక్యానికీ మధ్య. పాఠం ఆగిపోయిన చోటు ఎవరో వేలుపెట్టి చూపించినట్టు కట్ట పొడుగునా కనిపిస్తోంది.  చెల్లెలి మీద కూడా కోపం వచ్చింది. ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయావా అని. తర్వాత తన మీద.

"ఏమంటారు మేడం?" అన్నాడు చీఫ్. గెలిచిన గొంతు.

"పెన్ను ఇలా ఇవ్వండి. వద్దులెండి, నాదుంది."

ఎర్ర పెన్ను తీసింది. 'లుక్స్ హిమ్ ఆఫ్టర్' మీద వేసిన టిక్కుని అడ్డంగా కొట్టేసింది. మొత్తంలో ఒక మార్కు తగ్గించి, పక్కన పొడి అక్షరాలు వేసింది. ఇంకో పేపర్. కొట్టేసింది. అడుగంటిన ఆ పేపర్ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి కొంచెం ఆగింది. తర్వాత దాన్నీ కొట్టేసింది. సరిగ్గా పాసు మార్కు మిగిలింది, దానిపైన ఏమీ లేదు. కీ ప్రకారమైతే అదీ మిగలదు.

అందరూ చూస్తుండగా నిలబడే కట్టంతా సరిచేసింది. హాల్లో ఎవరూ నవ్వలేదు.

"చదవకుండా టిక్కు పెట్టాను. తప్పు నాది. నా చేత్తో కొట్టేశాను, పక్కన పొడి సంతకం కూడా పెట్టాను." కట్టని ఆయన ముందుకి జరిపింది. దాని మీద కీ పెట్టింది. "ఇందులో తప్పులు నాలుగు. ఇవి మీవి. కొట్టేయండి."

"నేను తయారు చేసిన కీ కాదమ్మా ఇది."

"అంటే మీరూ చదవకుండానే టిక్కు పెట్టారన్నమాట."

చీఫ్ లేచాడు. కుర్చీ గోడకి కొట్టుకుంది. "మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసా? మిమ్మల్ని ఈ క్షణం ఇక్కణ్ణుంచి పంపించెయ్యగలను. 'కీ ప్రకారం' అని సంతకం పెట్టి కూర్చోండి, లేదా బయటికి వెళ్ళండి."

"సంతకం పెట్టను. వెళ్ళను కూడా."

"ఒక్కరి కోసం..."

"ఒక్కరు కాదు లెండి," అన్నాడు పిప్పర్మెంటు మాస్టారు. ఆయన గొంతులో ఈసారి వేళాకోళం లేదు. పెన్ను మూత పెట్టి బల్ల మీద పడేశాడు. "నేను పొద్దుట్నుంచి 'పుట్ ఇట్ ఆఫ్' రాసిన ప్రతి పిల్లకీ సున్నా కొట్టాను. రాస్తుంటే చెయ్యి పీకుతూనే ఉంది. మనకెందుకులే అనుకున్నా. కీ మారేదాకా నేనూ దిద్దను."

"నేనూ కొట్టాను" అంది ఎవరో వెనకనుంచి. ఇందాక 'అబ్బో' అన్నావిడే. మాట ఇంకా విసుగ్గానే ఉంది. "త్వరగా తేల్చండి సార్, ఏదో ఒకటి. తిరగదిద్దాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి."

ముందు వరుసాయన మాత్రం గట్టిగా నిట్టూర్చి, అయిపోయిన తన రెండు కట్టల్నీ దగ్గరికి లాక్కున్నాడు, విప్పడానికి.

చీఫ్ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. అద్దం తలుపు అవతల ఆయన చెయ్యి పైకీ కిందకీ ఊగుతూ కనిపించింది. తిరిగొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ప్రకటించాడు. "పద్నాలుగో ప్రశ్నకి కీలో ప్రింటింగ్ పొరపాటు జరిగింది. మొదటి నాలుగు వాక్యాలకి సర్వనామం మధ్యలో ఉంటేనే మార్కు. అయిదోదానికి కీలో ఉన్నట్టే. దిద్దినవి మళ్ళీ దిద్దాలి."

ప్రింటింగ్ పొరపాటు! నాలుగు చోట్ల, ఒకే రకంగా. టీచరమ్మ పళ్ళు బిగించింది.  మార్కులు పిల్లలకి పడ్డాయి. ఆయన పరువు ఆయన జేబులో పెట్టుకోనీ.

తన కుర్చీలోకి వచ్చి రెండో కట్ట విప్పింది. అదీ ఆ బడిదే. స్కూటర్లు.

కాసేపటికి బల్ల పక్కన నీడ పడింది. చీఫ్. చేతిలో మొదటి కట్టలోని పేపర్ ఉంది. పెన్సిల్ చక్రాల మీద ఆయన బొటనవేలు ఉంది. అటెండెన్స్ కాగితంలో ఆమె ఇంటిపేరు చూసి వచ్చినట్టున్నాడు, మాట మెత్తబడింది.

"ఈ బొమ్మ నేను ఎక్కడో చూశాను. ఒక బళ్ళో... బోర్డు మీద. ఆవిడ మీకేమవుతారు?"

"చెల్లెలు."

"ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు?"

"పోయింది."

ఆయన పేపర్ని అటూ ఇటూ తిప్పాడు. "అయ్యో. నాకు తెలియదమ్మా. ఆ రోజు నాకూ ఇలా వివరంగా చెప్పి ఉంటే..."

టీచరమ్మ తలెత్తి చూసింది. ఉదయం నుంచి మింగుతూ వచ్చిందంతా నాలుక చివరికి వచ్చింది. పెద్ద పెద్ద మాటలు. అందులోంచి చిన్నవి ఏరుకుంది.

"చెప్పింది సార్. కోటు తొడిగి, దీపం ఆర్పి, మీ ఎదురుగానే చెప్పింది. మీరు వాచీ చూసుకుంటున్నారట."

ఆయన పేపర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పిప్పర్మెంటు మాస్టారు ఒక బిళ్ళ ఆమె వైపు జరిపాడు. ఆమె తీసుకోలేదు, తోసెయ్యలేదు కూడా. పేపర్ తిప్పింది. నాలుగు టిక్కులు వేసింది, చదివి, ఒక్కొక్కటిగా. అయిదో వాక్యం దగ్గర, 'హిమ్' చుట్టూ ఉన్న చిన్న సున్నా పక్కన, ఎర్రగా ఇంటూ పెట్టింది. దిద్దేవాళ్ళు పేపర్ మీద మార్కులు తప్ప ఏమీ రాయకూడదు. అయినా ఆమె ఆ మాటని కొట్టేసి, సరైన చోట, 'ఆఫ్టర్' వెనక, 'హిమ్' అని రాసింది.

తర్వాతి పేపర్లోనూ రాసింది. అచ్చం చెల్లెలి రాతలా గుండ్రంగా రాయబోయింది గానీ కోపం వల్ల కుదరలేదు. అక్షరాలు పదునుగా, తన రాతలాగే వచ్చాయి.